క్యాప్షన్‌లో డబ్బా నంబరా, బాణమా, టిక్కా: దేన్ని ఎక్కడ పెట్టాలి

పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే, పచ్చళ్లు, అప్పడాలు అమ్మే మా వదినకి ఛత్రపూర్ నుంచి ఫోను వచ్చింది. "నిమ్మకాయ పచ్చడి కేజీ పంపించమ్మా" అంది అవతలావిడ. ఆ వారం వదిన నిమ్మకాయ పెట్టలేదు. ఆ సంగతి సరుకుల ఫొటో కింద క్యాప్షన్‌లో రాశాం కూడా. "ఈ వారం లేదని రాశాం కదండీ" అంటే, "పక్కన పచ్చ టిక్కు ఎట్టేరు కదమ్మా, ఉందనుకున్నాను. టిక్కు ఎట్టి లేదంటే ఏటి అర్థం?" అంది ఆవిడ. అడిగినదాంట్లో తప్పేమీ లేదు. క్యాప్షన్ రాసింది నేనే. అది ఇలా ఉంది:

✅ మామిడి ఆవకాయ
✅ గోంగూర
✅ నిమ్మకాయ (ఈ వారం లేదు)
✅ మినప అప్పడాలు
✅ వడియాలు
✅ రిటర్న్ తీసుకోం

మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా ఈ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇక్కడ ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. అయితే బడి చదువు ఒడియాలో సాగినవాళ్లకి తెలుగు మాట్లాడటం వచ్చినంత బాగా తెలుగు చదవడం రాదు. ఛత్రపూర్ ఆవిడ కూడా అంతే. అక్షరాలు కూడబలుక్కుని "నిమ్మకాయ" వరకు చదివింది, పక్కన టిక్కు చూసింది, అక్కడితో ఆగిపోయింది. బ్రాకెట్లో ఉన్నది చదవాల్సిన అవసరం ఆవిడకి కనబడలేదు. ఎందుకంటే టిక్కు అంటే "ఉంది" అని ఇక్కడ ఏ భాషవాళ్లకైనా తెలుసు. ఆఖరి వరస ఇంకా ఘోరం. "రిటర్న్ తీసుకోం" అనే మాటకి పచ్చ టిక్కు పెడితే, అక్షరాలు నెమ్మదిగా చదివే మనిషికి "రిటర్న్ ఉంది" అనే కనిపిస్తుంది.

ఆ రోజు నుంచి క్యాప్షన్ రాసేటప్పుడు వరస మొదట్లో పెట్టే గుర్తుని అలంకారంగా చూడటం మానేశాను. మా దగ్గర వాడుకలో ఉన్నవి మూడు రకాలు. 1️⃣ లాంటి డబ్బా నంబర్లు, వీటినే కీక్యాప్ ఎమోజీలు అంటారు. ➡️, 👉, → లాంటి బాణాలు. ✅, ✔️, ☑️ లాంటి టిక్కులు. మూడింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు గానీ మూడూ చెప్పేది వేరు. నంబరు వరస చెబుతుంది, లేదా పేరుగా పనిచేస్తుంది. టిక్కు "అవును" అంటుంది. బాణం "అటు చూడు" అంటుంది. ఆ మాట అనాల్సిన అవసరం లేని చోట ఆ గుర్తు పెడితే, చదివేవాళ్లు మనం అనని మాటని అన్నట్టుగా తీసుకుంటారు.

ముందు డబ్బా నంబరు సంగతి. మా పనికి ఎక్కువగా ఉపయోగపడింది ఇదే, ఇబ్బంది పెట్టిందీ ఇదే.

ఈ డబ్బా ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే ఎక్కడ వాడాలో సులువుగా తెలుస్తుంది. కీక్యాప్ అంటే మీట మీద ఉండే తొడుగు, అంటే ఫోను బటన్ బొమ్మ అన్నమాట. 1999లో జపాన్‌లో ఐ-మోడ్ అనే మొబైల్ ఇంటర్నెట్ మొదలైనప్పుడు, చిన్న తెర మీద మెనూలో ఒక్కో వరస ముందు ఇలాంటి డబ్బా అంకె ఉండేది. ఆ అంకె ఉన్న బటన్ నొక్కితే ఆ వరస తెరుచుకునేది. అంటే చదివేవాళ్లు తిరిగి వాడటానికి పుట్టిన అంకె అది.

మా వాట్సాప్ గ్రూపులో జరుగుతున్నదీ సరిగ్గా అదే. ఒక్కో క్యాప్షన్‌ని వదిన తెలుగులో చెబితే నేను రాస్తాను, కింద ఒడియాలో మా పక్కింటి అమ్మాయి రాస్తుంది. రెండు భాగాల్లోనూ ఒక్కో సరుకుకి ఒకే నంబరు ఉంటుంది. ఎవరు ఏ లిపిలో చదివినా "4, అరకేజీ" అని జవాబు పెడితే చాలు, అప్పడాలని మాకు తెలిసిపోతుంది. ఒడియాకి వేరే అంకెలున్నాయి, తెలుగుకీ ౧ ౨ ౩ ఉన్నాయి. కానీ కీక్యాప్ డబ్బాలు 0 నుంచి 9 వరకు మామూలు అంకెలకి, # కి, * కి మాత్రమే ఉన్నాయి. అవి రెండు వైపులవాళ్లూ రోజూ చూసే అంకెలు కాబట్టి అది మాకు మేలే అయింది. రంగు డబ్బా కావడంతో రెండు లిపుల మధ్య వేలితో తెరని జరుపుతూ వెతికేవాళ్ల కంటికి వెంటనే ఆనుతుంది. సాదా "4." అయితే తెలుగు అక్షరాల గుంపులో కలిసిపోతుంది.

దీనికి ఇంకో మంచి గుణం ఉంది, అది లోపలి కట్టుబడి వల్ల వచ్చింది. పైకి ఒకే బొమ్మగా కనిపించే ఈ డబ్బా నిజానికి మూడు ముక్కలు. U+ తో మొదలయ్యేవి ఒక్కో గుర్తుకి కంప్యూటర్లు వాడే కోడ్ నంబర్లు:

```
1️⃣ = 1 + U+FE0F + U+20E3
🔟 = U+1F51F
```

మొదటి ముక్క మామూలు అంకె. రెండోది దాన్ని ఎమోజీలా రంగులో చూపించమనే సూచన. మూడోది చుట్టూ డబ్బా గీసే గుర్తు. ఎమోజీలు సరిగా చూపించలేని పాత ఫోనులోనో, ప్రెస్సులో పాంప్లెట్ కంపోజ్ చేసే సాఫ్ట్‌వేర్‌లోనో దీన్ని అతికిస్తే డబ్బా పాడవుతుంది, పక్కన ఒక ఖాళీ గడి కనిపించవచ్చు, కానీ అంకె మాత్రం మిగులుతుంది. వరస చెడదు. అదే ✅ అయితే అది ఒకే ముక్క. చూపించలేకపోతే మొత్తం ఖాళీ గడి అయిపోతుంది. దాని పక్కనే ❌ కూడా వాడి ఉంటే రెండూ ఒకేలాంటి ఖాళీ గడులవుతాయి, ఉన్నదేదో లేనిదేదో తెలియదు. దీపావళికి మా ధరల పట్టిక ప్రింటుకి ఇచ్చినప్పుడు ప్రూఫ్‌లో అచ్చం అలాగే వచ్చింది. ప్రింటుకి వెళ్లే మాటల్లో ఇప్పుడు "ఉంది", "లేదు" అని అక్షరాల్లోనే రాస్తున్నాం.

కోడ్‌లో రెండో వరస చూడండి. పది మాత్రం ఆ కుటుంబంలోది కాదు. 🔟 ఒకే ముక్కగా ఉన్న వేరే బొమ్మ, అందువల్ల అది పాడైతే మిగిలే అంకె కూడా ఉండదు. పదకొండుకి డబ్బానే లేదు. 1️⃣1️⃣ అని రెండు డబ్బాలు పక్కపక్కన పెడతారు గానీ, అది కంటికి "ఒకటి, ఒకటి" అనే కనిపిస్తుంది. కాబట్టి డబ్బా నంబర్లు తొమ్మిదితో ఆపేయడం మంచిది. సరుకులు అంతకన్నా ఎక్కువుంటే పచ్చళ్లు ఒక ఫొటో కింద, అప్పడాలు వడియాలు ఇంకో ఫొటో కింద పెడతాం. పండగ రోజుల్లో పద్నాలుగు రకాలు ఒకే క్యాప్షన్‌లో కుక్కుదామని వదిన అంటుంది గానీ నేను ఒప్పుకోను.

ఇబ్బంది మాటకొస్తే, ఈ నంబర్లు వాటంతట అవి మారవు. మధ్యలో ఒక సరుకు చేర్చితే కింద ఉన్నవన్నీ చేత్తో మార్చుకోవాలి, తెలుగులోనూ ఒడియాలోనూ. ఒకసారి తెలుగు భాగంలో మార్చి, ఒడియా భాగంలో మర్చిపోయాను. ఆ రోజు "5" అని అడిగిన ఇద్దరిలో ఒకరికి వడియాలు, ఒకరికి అప్పడాలు కావాల్సి ఉన్నాయి. అప్పటినుంచి సరుకు నంబరు అసలు మార్చం. నిమ్మకాయది 3 అంటే ఏడాదంతా 3. ఆ వారం లేకపోతే ఆ నంబరు దగ్గర "ఈ వారం లేదు" అని ఉంటుంది.

చదివేవాళ్లు ఆ నంబరుని తిరిగి వాడనప్పుడు డబ్బా అక్కర్లేదు. ఉదాహరణకి అప్పడం వేయించే పద్ధతి రాస్తున్నాం. వరస ముఖ్యమే, కానీ ఎవరూ "3" అని జవాబు పెట్టరు. అక్కడ సాదా "1." చాలు. వాట్సాప్‌లో ఇది ఇంకా సులువు. వరస మొదట్లో 1 కొట్టి, చుక్క పెట్టి, ఖాళీ వదిలితే 2024 నుంచి అదే నంబర్ల జాబితా అవుతుంది. చిన్న గీత కొట్టి ఖాళీ వదిలితే చుక్కల జాబితా అవుతుంది. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో ఆ సౌకర్యం లేదు, అంకె అంకెగానే ఉంటుంది. అయినా చదవడానికి ఏ లోటూ ఉండదు.

ఇప్పుడు వినేవాళ్ల సంగతి. మా బాబాయికి చక్కెర జబ్బు వల్ల చూపు బాగా తగ్గింది. ఫోనులో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని అన్నీ వింటాడు. ఆయన ఫోను ఇంగ్లీషులో ఉంది. ఒకరోజు మా క్యాప్షన్ ఆయన పక్కన కూర్చుని విన్నాను. అప్పట్లో ప్రతి వరసకీ 👉 పెట్టేవాణ్ణి. ఫోను ప్రతి సరుకు పేరుకి ముందు "బ్యాక్‌హ్యాండ్ ఇండెక్స్ పాయింటింగ్ రైట్" అంది. ఆరు వరసలకి ఆరుసార్లు. సరుకు పేరు రెండు మాటలు, గుర్తు పేరు నాలుగు మాటలు. "మధ్యలో ఆ ఇంగ్లీషు ఏటిరా, పచ్చడి పేరు మర్చిపోతన్నాను" అన్నాడు. ఆ వేలిని తీసేయడానికి నాకు ఆ ఒక్క మాట సరిపోయింది.

ఎమోజీకి ఒక పేరుంటుంది, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ పేరునే పలుకుతుంది. డబ్బా నంబరుని "కీక్యాప్ వన్" అంటుంది, అది కాస్త నయం, అంకె వినబడుతుంది. ✅ ని "చెక్ మార్క్ బటన్" అంటుంది. ➡️ ని "రైట్ యారో" అంటుంది. సాదా "1." ని మాత్రం మామూలుగా అంకెలా చదివి ముందుకి పోతుంది. అంటే వినేవాళ్ల వైపు నుంచి చూస్తే సాదా అంకె అన్నిటికన్నా మేలు, తర్వాత డబ్బా, తర్వాత టిక్కు, ఆఖరున వేలు. రెండు లిపుల్లో చూసి వెతికేవాళ్ల వైపు నుంచి చూస్తే డబ్బా మొదటిది. ఈ రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. అందరికీ నూటికి నూరుపాళ్లు సరిపోయే గుర్తు నాకు దొరకలేదు. జవాబులో నంబరు అడిగే క్యాప్షన్‌కి మాత్రమే డబ్బా, మిగతావాటికి సాదా అంకె లేదా గీత అని నేను తేల్చుకున్నాను. డబ్బా పెట్టిన చోట కూడా ఒక్కో వరసకి ఒక్కటే, వరస మొదట్లోనే. ఆ వరసలో ఇక వేరే ఎమోజీ ఉండదు. అప్పుడు బాబాయికి ఒక్కో సరుకుకి అదనంగా వినబడేది "కీక్యాప్" అనే ఒక్క మాటే. అంతవరకు పర్వాలేదన్నాడు.

మీ ఫోనులోనే విని చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోను అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. అది ఆన్‌లో ఉన్నంతసేపు ఒకసారి తాకితే చదివి వినిపిస్తుంది, తెరవాలంటే రెండుసార్లు తాకాలి, తెర జరపాలంటే రెండు వేళ్లు వాడాలి. ఇది తెలియక ఫోను పాడైందని కంగారు పడతారు. మీ క్యాప్షన్ మీద వేలు పెట్టి, కళ్లు మూసుకుని చివరిదాకా వినండి. ఎక్కడ విసుగొస్తుందో అక్కడి గుర్తు తీసేయండి.

బాణాల గురించి నా అభిప్రాయం గట్టిదే: సరుకుల జాబితాలో వాటికి చోటు లేదు. బాణం ఎటో చూపించాలి. వరస మొదట్లో పెడితే అది చూపించేది పక్కనున్న మాటనే, ఆ మాట ఎలాగూ కళ్లముందే ఉంది. ఇక 👇 పెట్టి "ధరలు కింద" అని రాస్తే మన ఫోనులో బాగానే ఉంటుంది. వాట్సాప్‌లో ఎవరైనా ఆ మాటల్ని మాత్రం కాపీ చేసి ఇంకో గ్రూపులో పెడితే ఫొటో ఉండదు, వేలు ఖాళీని చూపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్‌లో రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు, దాని ముందు ➡️ పెట్టి ప్రయోజనం లేదు. బాణం నిజంగా పనికొచ్చే చోటు "దీనినుంచి దానికి" అని చెప్పేటప్పుడు ఒక్కటే. బరంపురం → పర్లాకిమిడి పార్సిల్, 200 → 180 ధర. అక్కడ కూడా ఎమోజీ బాణం కన్నా సన్నని → నయం, అది అక్షరాల రంగులోనే ఉండి వరసలో ఇమిడిపోతుంది. చోటుంటే "బరంపురం నుంచి పర్లాకిమిడికి" అని రాసేయండి. తెలుగులో విభక్తి ఉండగా బాణం మీద ఆధారపడాల్సిన పని లేదు.

టిక్కుకి రెండు షరతులు పెట్టుకున్నాను. మొదటిది, ఆ వరస "అవును" అనే అర్థం ఇచ్చేదై ఉండాలి. "కాదు", "లేదు", "తీసుకోం" అనే వరసకి టిక్కు పెట్టకూడదు. రెండోది, జాబితాలో టిక్కు లేని వరసలు కూడా ఉండాలి. అన్నిటికీ టిక్కు ఉంటే అది ఏమీ చెప్పదు, పచ్చ చుక్కతో సమానం. ఆరు సరుకుల్లో ఈ వారం దొరికేవి నాలుగింటికి టిక్కు పెట్టి, రెండింటికి పెట్టకపోతే అప్పుడు అది ఒక సమాచారం. టిక్కుల్లో ✅ మేలు. పచ్చ డబ్బాలో తెల్ల గీత కాబట్టి తెల్ల తెర మీదా నల్ల తెర మీదా కనబడుతుంది. ✔️ కొన్ని ఫోన్లలో ముదురు రంగులో వస్తుంది, డార్క్ మోడ్‌లో దాదాపు మాయమైపోతుంది. మీ క్యాప్షన్‌ని ఒకసారి డార్క్ మోడ్‌లో చూస్తే తెలిసిపోతుంది. ❌ పక్కన వాడాల్సి వచ్చినా భయం లేదు, ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లకి కూడా గుర్తు ఆకారం వేరుగా కనబడుతుంది. ఎరుపు, ఆకుపచ్చ గుండ్రాలు మాత్రం వద్దు, వాటి ఆకారం ఒకటే.

ఏ గుర్తు పెట్టినా వరస పొడవు చూసుకోవాలి. క్యాప్షన్‌లో వరస రెండో లైనుకి వెళ్తే ఆ లైను అక్షరాల కింద మొదలవదు, గుర్తు కిందే మొదలవుతుంది. తెలుగు మాటలు పొడవు, ఒత్తులూ గుడులూ వల్ల లైను ఎత్తు కూడా ఎక్కువ. మూడు లైన్ల వరస అయ్యేసరికి గుర్తు గుంపులో పోతుంది. ఒక లైను, మహా అయితే రెండు. అంతకు మించితే గుర్తు తీసేసి మామూలు పేరాగా రాయండి, మధ్యలో ఖాళీ లైను వదలండి.

ఇంకో మాట, ఫోను నంబరుని డబ్బా అంకెల్లో రాసేవాళ్లని ఇక్కడ చాలామందిని చూశాను. పెద్దగా కనబడుతుందని అలా రాస్తారు. పది డబ్బాలంటే టాక్‌బ్యాక్‌లో పదిసార్లు "కీక్యాప్". పైగా ఫోను దాన్ని ఫోను నంబరుగా గుర్తుపట్టక, నొక్కితే డయల్ కాకపోవచ్చు. ఫోను నంబరు ఎప్పుడూ సాదా అంకెల్లోనే.

పైన చూపిన క్యాప్షన్‌ని ఇవన్నీ పెట్టుకుని తిరగరాస్తే ఇలా అయింది. ఇన్‌స్టాగ్రామ్‌లో మొదటి ఒకటి రెండు వరసలే కనబడి మిగతాది దాక్కుంటుంది కాబట్టి, ఏం చేయాలో పైనే చెప్పాం.

ఏది కావాలో నంబరు, ఎంత కావాలో బరువు రాయండి. ఉదాహరణకి: 4, అరకేజీ.

1️⃣ మామిడి ఆవకాయ
2️⃣ గోంగూర
3️⃣ నిమ్మకాయ: ఈ వారం లేదు
4️⃣ మినప అప్పడాలు
5️⃣ వడియాలు

పంపిన సరుకు తిరిగి తీసుకోం. జాడీ పగిలి వస్తే ఫొటో పంపండి, వేరేది ఇస్తాం.

"ఈ వారం లేదు" అన్న మాటని బ్రాకెట్లోంచి బయటికి తెచ్చాం. తిరిగి తీసుకోం అన్నది జాబితాలోంచి తీసి కింద మాటల్లో పెట్టాం, ఎందుకంటే అది సరుకు కాదు. కింద ఒడియా భాగంలో కూడా అవే ఐదు నంబర్లు, అదే వరసలో. నాలుగు వారాలు నిమ్మకాయ లేకపోయినా ఆ 3 అక్కడే ఉంది. ఐదో వారం వదిన నిమ్మకాయ పెట్టింది. క్యాప్షన్ వెళ్లిన పావుగంటకి ఛత్రపూర్ ఆవిడ నుంచి మెసేజ్ వచ్చింది: "3, కేజీ".